సుధకు, సంక్రాంతి ఫోటోల గురించి

సుధా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. పండక్కి వచ్చి వాళ్లిద్దరికీ మంచి ఫోటోలు తీస్తానన్నావట, కొత్త కెమెరా కూడా కొన్నావట. మన ఇంట్లో నా తర్వాత కెమెరా పట్టుకున్నది నువ్వే, నాకు ఎంత సంతోషమైందో రాయలేను. కానీ అక్క గొంతులో ఇంకో మాట కూడా ఉంది. "ఉన్నట్టుండి ఇప్పుడెందుకంటావురా?" అని రెండుసార్లు అడిగింది. అర్థమైందా తల్లీ? ఎనభైకి దగ్గరపడ్డవాళ్లతో పిల్లలు వచ్చి "నీ ఫోటో ఒకటి బాగా తీస్తాను, కదలకుండా కూర్చో" అంటే వాళ్ల కళ్లముందు మెదిలేది దండ వేసిన ఫ్రేమే. కావలిలో నా స్టూడియోకి కొడుకులు తీసుకొచ్చిన పెద్దవాళ్లలో చాలామంది ఆ సంగతి నోటితో అనేవాళ్లు కాదు, ముఖం మాత్రం బిగుసుకుపోయేది. నుదురు, దవడ, భుజాలు అన్నీ ఒకేసారి బిగుస్తాయి. ఆ బిగువు వదలకపోతే ఎంత ఖరీదైన లెన్సు పెట్టినా లాభం లేదు.

అందుకని మొదటి ఫోటో ఒక్కొక్కరిని విడిగా కూర్చోబెట్టి తీయొద్దు. ముందు నువ్వు వాళ్ల మధ్యలో కూర్చుని టైమరు పెట్టుకో. తర్వాత ఇద్దర్నీ కలిపి తీయి. విడి ఫోటోలు వాటంతట అవే మధ్యలో వస్తాయి, ఒకళ్లు మాట్లాడుతుంటే ఇంకొకళ్లు వింటారు కదా, అప్పుడు. ఎందుకని అడిగితే నిజమే చెప్పు, "బెంగళూరులో మా హాల్లో పెట్టుకుంటాను, రోజూ చూసుకోవాలి" అని. దాచిపెట్టి మాట్లాడితే మీ అమ్మ ఇట్టే కనిపెడుతుంది.

ఇప్పుడు మీ అమ్మమ్మ ఫోటో సంగతి చెప్పాలి. కందుకూరు ఇంట్లో దేవుడి గది పక్కన ఉంటుందే, అదే. చిన్నప్పుడు నువ్వు దాన్ని చూసి "ఈవిడెవరు?" అని అడిగావు, మీ అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది, నీకు గుర్తుండకపోవచ్చు. ఆ ఫోటో తీసింది నేను కాదు. అప్పుడు నేను మద్రాసులో పని నేర్చుకుంటున్నాను. మన బంధువొకాయన అమ్మను వేరే ఊళ్లో పెద్ద స్టూడియోకి తీసుకెళ్లాడు. వీపుకి ఆనుడు లేని స్టూలుమీద కూర్చోబెట్టి, ఎదురుగా రెండు పెద్ద బల్బులు వేసి, గడ్డం పైకెత్తమన్నారట. ఆ వేడికీ వెలుతురుకీ కళ్లలో నీళ్లు కారుతుంటే ఆవిడ గట్టిగా తెరుచుకుని కూర్చుంది. అందుకే ఆ ఫోటోలో ఎవరో గద్దిస్తే భయపడ్డట్టు ఉంటుంది ఆవిడ చూపు.

అంతటితో ఆగలేదు. ఆ రోజుల్లో నెగటివుమీద పెన్సిలుతో దిద్దేవాళ్లు. ముడత అంటే ముఖంమీద నీడ కదా, నెగటివులో ఆ చోటు పల్చగా, తెల్లగా ఉంటుంది. అక్కడ సన్నటి పెన్సిలుతో పూడిస్తే ప్రింటులో నీడ పోతుంది, ముడత మాయమవుతుంది. చేయి తిరిగినవాడు సగం పూడ్చి వదిలేస్తాడు. ఆ స్టూడియో ఆయన మొత్తం పూడ్చేశాడు. కళ్ల చివర గీతలు పోయాయి, పెదవి పక్కన పుట్టుమచ్చ పోయింది, ఎప్పుడూ నవ్వును ఆపుకుంటున్నట్టు బుగ్గమీద పడే మడత పోయింది. మా అమ్మను అమ్మగా గుర్తుపట్టేదే ఆ మడతతో. ఇక చేతులు అసలు లేనే లేవు, భుజాల కింద అంతా తెల్లగా కరిగించేశారు. నలభై ఏళ్లు పొగాకు గ్రేడింగులో పనిచేసిన చేతులవి, పండుగనాడు చింతపండు పెట్టి తోమినా వేళ్ల సందుల్లో ఆ జిగురు మరక వదిలేది కాదు. ఆ వేళ్లే మమ్మల్ని చదివించాయి. ఇంట్లో ఇంకో ఫోటో లేదు, మళ్లీ తీద్దామంటే అమ్మ లేదు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఇప్పుడు ఫోన్లలో ఆ పెన్సిలు పని ఎవరూ అడగకుండానే జరిగిపోతోంది. ఫోనుతో కూడా కొన్ని తీస్తావు కదా, బ్యూటీ మోడ్ పూర్తిగా సున్నాకి తెచ్చి, ముందు నీ ముఖంమీదే ఒకటి తీసి పెద్దది చేసి చూడు. చర్మంమీద రంధ్రాలు కనబడితే సరే, మైనంలా నున్నగా ఉంటే ఇంకా ఏదో ఆన్‌లోనే ఉందన్నమాట. పోర్ట్రెయిట్ మోడ్ కూడా వద్దు. అక్క చెవుల దగ్గర ఎగిరే తెల్లవెంట్రుకల్నీ కళ్లజోడు కాడనీ అది సగానికి కోసేస్తుంది. కెమెరా ఫోటోలు కంప్యూటర్లో దిద్దేటప్పుడు కూడా ఒకటే గుర్తుపెట్టుకో: వారంలో మానిపోయేది తీసెయ్, దోమ కుట్టిన మచ్చ, గడ్డం గీసుకున్న గాటు లాంటివి. ఏళ్లుగా ఉన్నదాని జోలికి పోవద్దు.

ముడతలంటే నాకిష్టం కదా అని వాటిని మరీ ఎత్తి చూపించినా తప్పే. అది వెలుతురు చేతిలో ఉంటుంది. కిటికీ వెలుతురు సరిగ్గా పక్కనుంచి పడితే ప్రతి గీతా దుక్కి దున్నిన చాలులా తేలుతుంది, అక్క చూసుకుని బాధపడుతుంది. వెలుతురు ముఖానికి ఎదురుగానూ కాకుండా పూర్తిగా పక్కనుంచీ కాకుండా, ఆ రెండింటికీ మధ్యగా, కాస్త పైనుంచి రావాలి. వెలుగుకి దూరంగా ఉన్న బుగ్గమీద, కంటి కింద చిన్న ముక్కోణంలా వెలుగు పడితే సరిగ్గా కుదిరినట్టు.

మీ ఇంటికి దీన్ని ఎలా కుదర్చాలో చెబుతాను. ఇల్లు తూర్పుముఖం. పొద్దున ఎండ సూటిగా వసారాలోకి వచ్చి అక్క కళ్లలో పడుతుంది, పైగా శుక్లాల ఆపరేషన్ అయిన కళ్లు, ఆ వెలుగు తట్టుకోలేదు. పొద్దున వద్దు. మధ్యాహ్నం మూడు దాటాక ఎండ ఇంటి వెనక్కి పోతుంది, వసారా అంతా నీడ, ఎదురుగా తెరిచిన ఆకాశం. మనక్కావలసిన మెత్తటి వెలుతురు అదే. సంక్రాంతికి ఆరింటికల్లా పొద్దు గూకుతుంది కాబట్టి మూడున్నరనుంచి అయిదు లోపల తీసెయ్యాలి. బావ కూడా అప్పటికి ఒక కునుకు తీసి లేచి కాఫీ తాగి ఉంటాడు.

ఒక్క చిక్కుంది. ఎదురింటి ముఖం పడమరకి. సాయంత్రం ఎండ ఆ గోడకి కొట్టి తిరిగి మీ వసారాలోకి వస్తుంది. తెల్ల గోడైతే మనకి మేలే. కిందటి ఏడాది వాళ్లు చిలకపచ్చ రంగు వేశారని విన్నాను. అదే నిజమైతే ముఖాలు జబ్బుపడ్డట్టు కనిపిస్తాయి, కెమెరాలో రంగు సరిచేసినా ముఖంలో ఒక పక్క ఎరుపు, ఇంకో పక్క పచ్చ మిగిలిపోతాయి. అప్పుడు కుర్చీ వసారాలోంచి తీసి, గుమ్మం లోపలికి రెండు మూడడుగుల దూరంలో ఆకాశం కనబడేట్టు వేయి, పచ్చ గోడ కనబడే వైపు ఒక తెల్ల దుప్పటి అడ్డంగా కట్టు. లోపల ట్యూబులైటు తప్పకుండా ఆర్పెయ్.

కుర్చీ అంటే గుర్తొచ్చింది. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, మెత్తటి సోఫా అసలే వద్దు, దాంట్లోంచి లేవడానికి బావ పడే అవస్థ నీకు తెలుసు. చేతులున్న పాత టేకు కుర్చీ వేయి. నువ్వూ ఒక స్టూలు వేసుకుని వాళ్ల కళ్ల ఎత్తుకి కూర్చో. నిలబడి పైనుంచి తీస్తే చిన్నపిల్లల్లా బెదిరినట్టు కనిపిస్తారు.

దూరం ఆరేడడుగులు ఉంచు. దగ్గరికెళ్లి తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి, అది లెన్సు దోషం కాదు, దూరం దోషం. నీది ఫుల్ ఫ్రేమ్ కెమెరా అయితే 85 లెన్సు, చిన్న సెన్సారు అయితే 50 సరిపోతుంది. వెనకంతా కరిగిపోవాలని f/1.8 పెట్టావో, ఒక కన్ను స్పష్టంగా, ఇంకోటి మసగ్గా వస్తుంది. ఒక్కరికి f/4, ఇద్దరికీ కలిపి f/5.6. బావ కుడిచెయ్యి వణుకుతుంది కాబట్టి షట్టరు 1/200 కంటే తగ్గనివ్వకు, దానికోసం ISO 1600 దాకా వెళ్లినా పర్వాలేదు, కాస్త గ్రెయిన్ వస్తే రానీ.

బావ తెల్ల పంచె, తెల్ల చొక్కా తప్ప వేసుకోడు, వేరేది వేసుకోమనొద్దు. అంత తెలుపు చూసి కెమెరా మోసపోతుంది, మొత్తాన్ని చీకటి చేస్తుంది, ఆయన ముఖం నల్లబడుతుంది. ఎక్స్‌పోజరు కొంచెం పెంచు, చొక్కా నేత కనబడుతున్నంతవరకే. నేత పోయి ఉత్త తెలుపు మిగిలితే వెనక్కి తగ్గించు. అక్క కళ్లజోడులో ఆకాశం మెరిస్తే గడ్డం దించమనొద్దు, జోడు కాడలు చెవులమీద రవ్వంత పైకి లేపు, అద్దం కిందికి వంగి మెరుపు పోతుంది. ఆ జోడు ఎండకి నల్లబడే రకం. తీసే ముందు కాసేపు ఇంట్లోనే ఉంచు, లేకపోతే కళ్లు కనబడవు.

బ్యాటరీ, కార్డు, లెన్సు తుడవడం నీకు నేను చెప్పాలా.

ఇక అసలు పని. కెమెరా స్టాండుమీద బిగించి, ఫోకసు కంటిమీద పెట్టి, రిమోటు చేతిలో పట్టుకుని నువ్వు పక్కన కూర్చో. బావకి చెవులు సరిగ్గా వినబడవు, నీ పెదాలు చూసి అర్థం చేసుకుంటాడు, కెమెరా నీ ముఖానికి అడ్డంగా ఉంటే ఆయనకి ఏమీ తెలియదు, అప్పుడు నువ్వు అరుస్తావు, ఆయన బిక్కమొహం వేస్తాడు. "నవ్వు నాన్నా" అనే మాట నీ నోట రాకూడదు. ఉదయగిరి వైపు ఆయన మొదట పనిచేసిన బడి గురించి అక్కను అడుగు. అక్క తప్పకుండా ఏదో ఒకటి తప్పు చెబుతుంది, బావ తప్పకుండా సరిదిద్దుతాడు. మాట్లాడుతున్న నోరు ఫోటోలో వంకరగా వస్తుంది, కాబట్టి అక్క చెబుతుంటే బావ ముఖం చూడు, బావ అందుకున్నాక అక్క ముఖం చూడు. నవ్వు పూర్తిగా విచ్చుకున్నప్పుడు కాదు, అది సద్దుమణిగి ముఖం మామూలయ్యే ఆ క్షణంలో నొక్కు. పళ్ల సెట్టు వదులైందని అక్క నవ్వినప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. తియ్యమనకు, ఆ చేతితోనే ఒకటి తీయి. అమ్మమ్మకి లేని చేతులు ఈ ఫోటోల్లోనైనా ఉండాలి, వాళ్ల చేతులు రెండు పక్కపక్కన కుర్చీ చేతిమీద ఉన్నవి ప్రత్యేకంగా తీయి.

ఇరవై నిమిషాలు దాటనివ్వకు. బావ కుర్చీ చేతిని వేళ్లతో తట్టడం మొదలుపెట్టినా, అక్క వంటింటి వైపు చూసినా కెమెరా ఆపెయ్, మర్నాడు మళ్లీ తీయొచ్చు. బావకి షుగర్ ఉంది, ఆయన తినే వేళ దాటించావంటే నేను ఊరుకోను. తీసిన వెంటనే చిన్న తెరమీద చూపించొద్దు, కళ్లు ఆనక కంగారుపడతారు. ఒంగోలులోనో నెల్లూరులోనో 8×12 సైజులో మ్యాట్ పేపరుమీద ప్రింటు వేయించి చేతికివ్వు. ఏది ఇష్టంలేదంటే అది వాళ్ల ముందే తీసెయ్.

నేను భోగి ముందురోజు కందుకూరు వెళ్తున్నాను. ఎదురింటి గోడ రంగు చూసి నీకు ఫోన్ చేస్తాను, దుప్పటి తేవాలో వద్దో అప్పుడు తేలుతుంది. సింగరాయకొండలో రైలు దిగగానే నాకు చెప్పు, స్టాండు మొయ్యడానికి మనిషిని పంపిస్తాను.

మీ మామయ్య