లారీ లైట్ల సంగతి వదిలేయండి, ట్రాక్టర్ సంగతి చూడండి

ప్రశ్న: సార్, మాది బుచ్చిరెడ్డిపాళెం దగ్గర. నాలుగు నెలల కింద రాత్రి మా తమ్ముడు బైక్ మీద వస్తుంటే ఎదురుగా లారీవాడు హైబీమ్ వేసి కళ్లు కనపడకుండా చేశాడు. ముందు ఆపివున్న వరిగడ్డి ట్రాక్టర్‌ని గుద్దేశాడు. తొడ ఎముక విరిగింది. లారీ నంబరు చూడలేదు. తెలిసినాయన కేసులో తన లారీ నంబరు రాయించుకోమంటున్నాడు. ఆ లారీవాడికి శిక్ష పడేదెలా?

జవాబు: లారీవాడికి శిక్ష పడదు, ఎవరో తెలీదు కాబట్టి. దొరికినా హైబీమ్ ఒక్కదానికి పడేది కొద్ది వందల జరిమానా. రూల్ మాత్రం ఉంది: ఎనిమిది మీటర్ల దూరంలో, ఒకటిన్నర మీటరు ఎత్తులో ఉన్న మనిషి కళ్లు చెదరకుండా లైటును కిందికి దించే ఏర్పాటు బండికి ఉండాలి, ఎదురు బండి వస్తే డిమ్ చేయాలి. మీ తమ్ముడు కూడా చేయాల్సిందే, చేశాడా అని కోర్టులో అడుగుతారు.

మీ నష్టపరిహారం కేసు ఆ ట్రాక్టర్‌లో ఉంది. దాన్ని రోడ్డు మధ్యలో ఆపారా, మార్జిన్‌లోకి దించారా? ట్రాలీ వెనక గడ్డి వేలాడి రిఫ్లెక్టర్‌ను, ఎర్ర లైటును మూసేసిందా? 2018లో అర్చిత్ సైనీ కేసులో ఇలాగే ఎదురు లైట్లకు కళ్లు చెదిరి, ఇండికేటర్ లేకుండా రోడ్డు మధ్యలో ఆగిన గ్యాస్ ట్యాంకర్‌ను కారు గుద్దింది. కారు నడిపినవాడిది సగం తప్పన్న హైకోర్టు మాటను సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అక్కడ ప్రత్యక్ష సాక్షి ఉన్నాడు, స్థలం నక్షా ఉంది. మీ దగ్గర ఏముంది? నాలుగు నెలలు లారీని తిట్టుకుంటూ కూర్చున్నారు, ఆ రాత్రి ఫోన్‌లో ఒక్క ఫొటో అయినా తీశారా అన్నది కూడా రాయలేదు!

ఇన్సూరెన్స్ వాళ్లు అనేది ఒక్కటే: కళ్లు చెదిరితే వేగం తగ్గించాలి కదా, మీవాడు ఎందుకు తగ్గించలేదు? తగ్గించాడని, అయినా ట్రాక్టర్ దగ్గరికొచ్చేదాకా కనపడలేదని చెప్పే మనిషి కావాలి. ఆ రోడ్డు మీద టీ కొట్టు ఆయనో, తమ్ముణ్ణి లేపి ఆటో ఎక్కించినాయనో ఉంటారు కదా, వెతకండి.

ఆ తెలిసినాయన లారీ నంబరు మాత్రం ముట్టుకోకండి. ఆ రాత్రి ఆ బండి ఏ టోల్‌గేటు దాటిందో కంపెనీ తీయిస్తుంది, దాంతో అబద్ధం బయటపడితే క్లెయిమ్ పోవడమే కాదు, మీ ఇద్దరి మీదా క్రిమినల్ కేసు, అసలు ట్రాక్టర్ మీద నిజం చెప్పినా ఎవరూ నమ్మరు.

రేపే స్టేషన్‌కు వెళ్లి ఎఫ్ఐఆర్, స్థలం పంచనామా, బండ్లను పరీక్షించిన ఎంవీఐ రిపోర్టు నకళ్లు అడగండి. ఫిర్యాదులో లారీ గురించే రాసి ట్రాక్టర్ ఎలా ఆగి ఉందో వదిలేసి ఉంటే, తమ్ముడి చేత అదనపు వాంగ్మూలం ఇప్పించండి. ట్రాక్టర్ నంబరూ, ట్రాలీ నంబరూ వేరువేరు, రెండింటికీ ఇన్సూరెన్స్ ఉందో లేదో చూడాలి, లేకుంటే యజమానిని పార్టీ చేయాలి. నెల్లూరు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో క్లెయిమ్‌కు చట్టం పెట్టిన గడువు ప్రమాదం నుంచి ఆరు నెలలు. ఆ గడువును సుప్రీంకోర్టులో సవాలు చేశారు, కానీ దాన్ని నమ్ముకుని ఆగకండి. ఆసుపత్రి బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ సర్దుకుని ఈ వారంలోనే మీ వకీలును కలవండి.