విడిగా బాగున్న స్నేర్ అన్ని మైకులూ కలిపితే ఎందుకు పలచబడుతుంది?

ప్రశ్న: డ్రమ్స్‌కి ఆరు మైకులు పెట్టి రికార్డ్ చేశాను. ఒక్కో ట్రాక్ విడిగా వింటే బాగుంది, అన్నీ కలిపితే స్నేర్‌లో బరువు పోతోంది. Ø బటన్ నొక్కి చూడమంటున్నారు. అది ఏం చేస్తుంది? ఏ మైకుకి నొక్కాలి?

జవాబు: స్నేర్ కింద మైకు పెట్టి ఉంటే, ముందు దానికి నొక్కండి.

నేనూ మొదట్లో ఇక్కడే బోల్తా పడ్డాను. పై మైకు, కింది మైకు విడివిడిగా భేషుగ్గా ఉన్నాయి. రెండో ఫేడర్ పైకి తీసేసరికి స్నేర్ కాస్తా రేకు డబ్బా అయిపోయింది. రెండింటినీ ఒక గ్రూపులోకి పంపి, ఆ గ్రూపు మీద ఈక్యూలో 200 హెర్ట్జ్ దగ్గర 8 డీబీ పెంచాను. బరువు రాలేదు సరికదా, లీకైన కిక్ ఉబ్బిపోయి అంతా గందరగోళమైంది. రెండు మైకులూ కలిసేచోటే ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. ఆ తర్వాత ఈక్యూతో పెంచడానికి అక్కడ మిగిలింది ఏముంది?

జరిగేది ఇది. స్టిక్ పడగానే పై హెడ్ కిందికి దిగుతుంది, అంటే పై మైకు నుంచి దూరం జరుగుతుంది. లోపలి గాలి ఒత్తిడికి కింది హెడ్ కూడా కిందికే దిగుతుంది, కానీ అది కింది మైకు వైపు వస్తుంది. అందుకే ఒకే దెబ్బ ఒక ట్రాక్‌లో లోయతో, మరో ట్రాక్‌లో గుట్టతో మొదలవుతుంది. వేవ్‌ఫార్మ్‌ని బాగా జూమ్ చేసి చూడండి, కళ్లకే కనిపిస్తుంది. Ø నొక్కితే ఆ ట్రాక్ పోలారిటీ తిరుగుతుంది, అంటే గుట్టలు లోయలుగా, లోయలు గుట్టలుగా మారతాయి. అంతే, ట్రాక్ ముందుకీ వెనక్కీ జరగదు.

ఓవర్‌హెడ్‌ల దగ్గర ఇంత సులువు కాదు. అక్కడ గొడవ దిశతో కాదు, దూరంతో. నా సెటప్‌లో పై మైకు స్నేర్‌కి 5 సెంటీమీటర్ల దూరంలో, ఓవర్‌హెడ్ 105 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయి. తేడా ఒక మీటరు. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు వెళ్తుంది కాబట్టి, ఓవర్‌హెడ్‌కి దెబ్బ సుమారు 2.9 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. 170 హెర్ట్జ్ దగ్గర అది దాదాపు సగం సైకిల్. ఒకటి పైకి వెళ్తున్నప్పుడు మరొకటి కిందికి వెళ్తుంది. చాలా స్నేర్లకి అసలు బరువు ఉండేది ఆ చుట్టుపక్కలే, నా ఖర్మ!

పై మైకు పోలారిటీ తిప్పగానే 170 దగ్గర రెండూ కలిసి బలపడ్డాయి. అయితే రెండూ కొట్టేసుకోవడం వల్ల పడే గుంత మాయం కాలేదు, 340 హెర్ట్జ్ దగ్గరికి జరిగింది. స్నేర్‌కి అక్కడ గుంత పడినా నాకు పెద్దగా బాధ అనిపించలేదు, పైగా కాస్త డబ్బా మోత తగ్గింది. కాబట్టి తిప్పడమంటే ఆలస్యాన్ని సరిచేయడం కాదు, నష్టాన్ని తక్కువ నొప్పి ఉన్న చోటికి తోసేయడం. మీ దూరాలు వేరైతే గుంత పడే చోటూ వేరే. తిప్పకుండానే బాగుండొచ్చు కూడా.

ఇక్కడే ఇంకో పొరపాటు చేశాను. కింది మైకుని అంతకుముందే పై మైకుతో కలిసేలా తిప్పి పెట్టుకున్నాను. ఓవర్‌హెడ్‌ల కోసం పై మైకు ఒక్కదాన్నే తిప్పేసరికి స్నేర్ మళ్లీ రేకు డబ్బా! తిప్పితే రెండింటినీ కలిపే తిప్పాలి. అందుకే ఇప్పుడు వరస మార్చాను. ముందు ఓవర్‌హెడ్‌లు మాత్రమే, వాటికి పై మైకు కలిపి తిప్పి చూస్తాను. అది తేలాక, పై మైకుతో పోల్చి కింది మైకు. చివర్లో కిక్‌ని కూడా ఓవర్‌హెడ్‌లతోనే పోల్చుతాను.

వినేటప్పుడు మోనోలో పెట్టండి. పోల్చే రెండు ట్రాకుల్లోనూ స్నేర్ దాదాపు ఒకే లెవెల్లో వినిపించాలి, ఒకటి మరీ చిన్నగా ఉంటే తిప్పినా తేడా తెలీదు. బటన్ నొక్కుతూ తీస్తూ, కింది ఫ్రీక్వెన్సీల్లో దెబ్బ ఎప్పుడు నిండుగా ఉందో గమనించండి. పై మెరుపుని పట్టించుకోవద్దు, అది ఎటు తిప్పినా కొంచెం మారుతూనే ఉంటుంది. రెండు వైపులా ఒకేలా పలచగా ఉంటే మాత్రం Ø వల్ల పని కాదు. ఓవర్‌హెడ్‌ని కొన్ని మిల్లీసెకన్లు ముందుకి జరిపి చూడొచ్చు. స్నేర్ కుదురుతుంది కానీ, టామ్‌లకీ కిక్‌కీ దూరాలు వేరు కదా, వాటితో కొత్త పేచీ మొదలవుతుంది. నేనైతే ఒక్కసారే అలా చేసి మానేశాను.

మళ్లీ రికార్డ్ చేసే అవకాశం ఉంటే ఒక దారం తీసుకోండి. ఒక కొస స్నేర్ మధ్యలో పట్టుకుని, మరో కొసతో రెండు ఓవర్‌హెడ్‌లకీ దూరం సమానంగా ఉందో లేదో కొలవండి. ఆ రెండూ తమలో తాము కొట్టుకుంటుంటే, పై మైకుని ఎటు తిప్పినా ఒకదానితో కుదిరి మరోదానితో చెడుతుంది.