రెజ్యూమెలో 240 కోట్ల ప్రాజెక్టు, చేతిలో 46 కోట్ల వర్క్ ఆర్డర్: ఈ పోస్టింగ్‌కు పంపవచ్చా?

ప్రశ్న: మాది హాలియా. సివిల్ బీటెక్, 13 ఏళ్ల అనుభవం. "దేవరకొండ వైపు 240 కోట్ల ఈపీసీ తాగునీటి ప్రాజెక్టుకు ప్రాజెక్ట్ మేనేజర్, బడ్జెట్ లోపల పూర్తి, పీఎంపీ సర్టిఫైడ్" అని రెజ్యూమెలో పెట్టాను. మా కంపెనీ అందులో సబ్ కాంట్రాక్టర్. వర్క్ ఆర్డర్ 46 కోట్లు, పైపులు మెయిన్ కాంట్రాక్టరే ఇచ్చిండు. రాయి ఎక్కువ పడ్డందుకు 1.6 కోట్లు అదనంగా శాంక్షన్ అయింది. పీఎంపీకి 35 గంటల ట్రైనింగ్ అయిపోయింది, పరీక్ష రాయలేదు. పోస్టింగ్ అడిగేవి: ప్రాజెక్ట్ మేనేజర్‌గా 5 ఏళ్లు, డిజైన్ నుంచి కమిషనింగ్ దాకా 100 కోట్లకు తగ్గని ఈపీసీ ప్రాజెక్టు ఒకటి, బడ్జెట్ బాధ్యత, పీఎంపీ తప్పనిసరి. పంపమంటారా అన్నా?

జవాబు:

తమ్ముడూ, ఇప్పుడున్నట్టు పంపొద్దు. మీ అనుభవం తక్కువని కాదు. రెజ్యూమెలో మీరు రాసిన మూడు ముక్కలను మీరు నాకు చెప్పిన వివరాలే అబద్ధం చేస్తున్నాయి. మహబూబ్‌నగర్‌లో నీటి పనులు చేసే ఒక కంపెనీలో చాలా కాలం ఇట్లాంటి రెజ్యూమెలు పోస్టింగ్ పక్కన పెట్టుకుని చూడటం నా పనిలో భాగంగా ఉండేది. అవతలి టేబుల్ దగ్గర మీ కాగితం ఎట్లా కనిపిస్తుందో చెప్తాను.

ముందు ఆ 240 కోట్లు. మన వైపు పెద్ద నీటి పనులు చాలా జరిగాయి కాబట్టి ప్రాజెక్టు మొత్తం విలువను సొంత విలువగా రాసుకోవడం అలవాటైపోయింది. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015లో రూ.35,200 కోట్లకు పరిపాలనా అనుమతి వచ్చింది. కాలువలో ఒక ముక్క తవ్వించిన ఇంజినీరు కూడా ఆ ప్రాజెక్టు పేరు పక్కన ఆ అంకె వేస్తే చూసేవాళ్లకు తెలిసేది ప్రాజెక్టు సైజు ఒక్కటే, ఆయన సైజు కాదు. అందుకని మేము మొదట అడిగే మాట "వర్క్ ఆర్డర్ ఎవరి పేరు మీద ఉంది, ఎంతకు ఉంది?" అక్కడ మీ జవాబు 46 కోట్లు అయితే, మిగతా పేజీ మీద నమ్మకం ఆ క్షణమే పోతుంది.

అయితే మీ విషయంలో 46 అంకె మిమ్మల్ని తక్కువ చేసి చూపిస్తుంది. పైపులు మెయిన్ కాంట్రాక్టర్ ఇచ్చిండంటే అది ఫ్రీ ఇష్యూ మెటీరియల్. దాని విలువ మీ వర్క్ ఆర్డర్‌లో పడదు. కానీ ఆ డీఐ పైపులు, హెచ్‌డీపీఈ పైపులు యార్డులో దించుకున్నది, వేసింది, వేస్టేజీ లెక్క చెప్పి రీకన్సిలియేషన్ మీద సంతకం పెట్టింది మీరే కదా. తాగునీటి నెట్‌వర్క్‌లో ఖర్చులో పెద్ద భాగం పైపులదే. దాని విలువ మీ దగ్గరున్న ఇష్యూ వోచర్ల నుంచి తీసి విడిగా రాయండి. 46తో కలిపి ఒకే అంకె చేయకండి. కలిపితే మళ్లీ అదే ప్రశ్న వస్తుంది. రెండు అంకెలు పక్కపక్కన ఉంటే మాత్రం చదివే వాడికి వెంటనే అర్థమవుతుంది: ఈయనకు పని విలువ తెలుసు, మెటీరియల్ బాధ్యత కూడా మోసిండు అని.

స్కోప్‌లో డబ్బు కంటే ముందు చూసేది హద్దు. పని ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది? ఇన్‌టేక్ వెల్, నీటి శుద్ధి ప్లాంటు, పంపింగ్ మెయిన్ ఇవన్నీ మీ చేతిలో లేకపోతే, బ్యాలెన్సింగ్ రిజర్వాయర్ దాటినాక ఊళ్లలోకి పోయే లైన్లు, ఓవర్‌హెడ్ ట్యాంకులు మాత్రమే మీవైతే, ఆ మాటే రాయాలి. ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని ట్యాంకులు, ఎన్ని ఆవాసాలు అనేది రాస్తే చాలు. ఇంకో హద్దు తేదీలది. పని మొదటి రోజు నుంచి మీరే మేనేజరా, లేక సీనియర్ ఇంజినీరుగా చేరి మధ్యలో మేనేజర్ అయ్యారా? పోస్టింగ్ అడిగిన 5 ఏళ్లు లెక్కపెట్టేది ప్రమోషన్ లెటర్ మీద తేదీ నుంచే. సైట్‌లో అందరూ మిమ్మల్ని "పీఎం సార్" అని పిలిచిన రోజు నుంచి కాదు.

ఇప్పుడు అసలు చిక్కు. మీరు ఈపీసీ అని రాశారు, అంటే డిజైన్, కొనుగోలు, నిర్మాణం మొత్తం ఒకే కాంట్రాక్టరు మీద ఉండే పద్ధతి. అదే రెజ్యూమెలో రాయికి అదనంగా 1.6 కోట్లు తెచ్చానని ఉంటే, పని తెలిసినవాడు అక్కడే ఆగుతాడు. లంప్‌సమ్ ఈపీసీలో డిజైన్ కాంట్రాక్టరుదే, క్వాంటిటీ పెరిగితే ఆ రిస్కు కూడా మామూలుగా కాంట్రాక్టరుదే. బిల్లులు పని దశలను బట్టి శాతాల్లో వస్తాయి. తవ్వకంలో షీట్ రాక్ ఎక్కువ పడితే సాధారణంగా అదనంగా ఇవ్వరు. అగ్రిమెంటులో ప్రత్యేకంగా రాసుకుంటే తప్ప. మీకు ఇచ్చారంటే మీ వర్క్ ఆర్డర్ ఐటమ్ రేటు మీద ఉందన్నమాట: మెత్తమట్టికి ఒక రేటు, గట్టిరాయికి ఒక రేటు, కొలిచి మెజర్‌మెంట్ బుక్‌లో ఎక్కించిన దానికి బిల్లు. పైన మెయిన్ కాంట్రాక్టరు ఈపీసీ కింద ఉన్నాడు, మీరు ఆయన కింద ఐటమ్ రేటులో ఉన్నారు. రెండూ నిజమే, కానీ పోస్టింగ్ అడిగింది మొదటిది.

ఇంటర్వ్యూలో దీన్ని ఒక్క ప్రశ్నతో తేల్చేస్తారు. "హైడ్రాలిక్ డిజైన్ డిపార్ట్‌మెంటుకు ఎవరు సబ్మిట్ చేశారు, ఎన్ని కామెంట్లు వచ్చాయి, ఎవరు సరిచేశారు?" డిజైన్ నడిపినవాడు దీనికి గంట మాట్లాడతాడు. మీరు సర్వే చేయించి ఎల్-సెక్షన్లు గీయించి ఇచ్చి ఉంటే, హైడ్రో టెస్టు దగ్గర నిలబడి ఉంటే, ట్రయల్ రన్‌లో చివరి ఊరికి నీళ్లు ఎక్కించి ఉంటే, అవి ఆ పేరుతోనే రాయండి. కమిషనింగ్ వైపు మీకు గట్టి బలం ఉంది. డిజైన్ వైపు లేదు. ఆ తేడా రెజ్యూమెలోనే కనిపించాలి, ఇంటర్వ్యూలో బయటపడకూడదు.

బడ్జెట్ మాటకు వస్తే, "బడ్జెట్ లోపల పూర్తి" అనే మూడు మాటలు తీసేయండి. ఏ బడ్జెట్? వర్క్ ఆర్డర్ విలువ అంటే మీకు వచ్చే డబ్బు. బడ్జెట్ అంటే కంపెనీ మీకు ఖర్చు పెట్టమని ఇచ్చిన హద్దు. ఒక ఉదాహరణ వేసి చూపిస్తాను, మీ అసలు అంకెలు మీరు పెట్టుకోండి. 46 కోట్ల పనికి కంపెనీ లోపల 41.4 కోట్ల ఖర్చు బడ్జెట్ ఇచ్చింది అనుకుందాం, అంటే 4.6 కోట్లు మిగలాలి. రాయి వల్ల చివరి ఖర్చు 43.5 అయింది. బడ్జెట్ మీద 2.1 కోట్లు పెరిగింది, దాదాపు 5 శాతం. 1.6 కోట్లు అదనంగా వచ్చింది కాబట్టి మొత్తం రాబడి 47.6, మిగిలింది 4.1 కోట్లు. దీన్ని "46 కోట్ల లోపలే అయిపోయింది" అని చెప్పేవాడికి తన బడ్జెట్ ఏమిటో తెలియదనుకుంటారు. అదే ఇట్లా రాస్తే చూడండి: "ఖర్చు బడ్జెట్ 41.4 కోట్లు, చివరి ఖర్చు 43.5. పెరుగుదలకు కారణం గట్టిరాయి అంచనాకు మించి పడటం. జాయింట్ మెజర్‌మెంట్ చేయించి 1.6 కోట్ల వేరియేషన్ సాధించాను." నేను షార్ట్‌లిస్ట్ చేసేటప్పుడు ఇట్లాంటి వాక్యం కనిపిస్తే ఆ మనిషిని తప్పకుండా పిలిపించేవాణ్ణి, ఎందుకంటే పెరిగిన ఖర్చును దాచకుండా, దాన్ని ఎట్లా రాబట్టాడో చెప్పాడు.

ఒక జాగ్రత్త. పాత కంపెనీ మార్జిన్ బయటపెట్టొద్దని మీ ఒప్పందంలో ఉంటే కోట్లు తీసేసి శాతం మాత్రం రాయండి. అట్లాగే బడ్జెట్ బాధ్యత అంటే ఎంతవరకు కొనుగోలు మీ సంతకంతో పాసయ్యేది అని కూడా అడుగుతారు. ప్రతి ఇండెంట్ హెడ్డాఫీసు పాస్ చేస్తే, మీరు ఖర్చును ట్రాక్ చేశారు గానీ అదుపు మీ చేతిలో లేదు. ట్రాక్ చేశానని రాయడంలో తప్పేమీ లేదు.

పీఎంపీ సంగతి మాత్రం కఠినంగా చెప్పాలి. 35 గంటల ట్రైనింగ్ పరీక్షకు దరఖాస్తు పెట్టడానికి కావలసిన షరతుల్లో ఒకటి, అంతే. డిగ్రీ ఉన్నవాళ్లకు దానితోపాటు 36 నెలలు ప్రాజెక్టులు నడిపిన అనుభవం చూపాలి, తర్వాత పరీక్ష పాసవ్వాలి. "పీఎంపీ సర్టిఫైడ్" అనే మాట ఈరోజే తీసేయండి. చాలా కంపెనీలు ఆ సర్టిఫికెట్ ఇచ్చే పీఎంఐ సంస్థ ఆన్‌లైన్ రిజిస్ట్రీలో పేరు వెతుకుతాయి, లేదా డిజిటల్ బ్యాడ్జి లింకు అడుగుతాయి. పాసైన వాళ్లకు కూడా అది మూడేళ్ల సైకిల్. ఆ లోపు పీడీయూలు అనే శిక్షణ పాయింట్లు 60 పూర్తి చేసి రెన్యూ చేసుకోవాలి. అందుకే నంబరు, వచ్చిన తేదీ, గడువు తేదీ మూడూ ఉన్న లైనే సాక్ష్యంగా పనికొస్తుంది. ఇప్పటికి మీరు "పీఎంపీకి కావలసిన 35 గంటల శిక్షణ పూర్తి, పరీక్షకు సిద్ధమవుతున్నాను" అని రాయవచ్చు. దరఖాస్తులో పేరు మీ ఐడీ కార్డు మీద ఉన్నట్టే ఇవ్వండి. మన దగ్గర ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఇంకో కాగితంలో వెనక, మరోదాంట్లో పొడి అక్షరంగా ఉంటుంది. పరీక్ష రోజు అది పెద్ద టెన్షన్.

కాబట్టి ఈ పోస్టింగ్‌లో తప్పనిసరి అన్నవాటిలో రెండు మీకు లేవు: 100 కోట్ల ఈపీసీ, పీఎంపీ. సరిదిద్దిన రెజ్యూమెతో ఆ కంపెనీ హెచ్ఆర్‌కు వేరే మాట అడగండి. అంత పెద్ద పనిలో డిస్ట్రిబ్యూషన్ నెట్‌వర్క్‌కు ఒక ప్యాకేజీ ఇన్‌చార్జి గానీ డిప్యూటీ మేనేజర్ గానీ కావాలి. మీరు చేసిన పని సరిగ్గా అదే. అక్కడ చేరితే డిజైన్ సబ్మిషన్లు కూడా పక్కనుంచి చూస్తారు.

ఇంకొకటి, ఇది ఆలస్యం చేయకండి. డిపార్ట్‌మెంటు ఇచ్చే కంప్లీషన్ సర్టిఫికెట్ మెయిన్ కాంట్రాక్టరు పేరు మీద వస్తుంది, అందులో మీ కంపెనీ పేరు ఉండదు, మీ పేరు అసలే ఉండదు. మీ సాక్ష్యం మెయిన్ కాంట్రాక్టరు ఇచ్చిన వర్క్ ఆర్డర్, చివరి రన్నింగ్ అకౌంట్ బిల్లు, మీ కంపెనీ ఇచ్చే ఎక్స్‌పీరియెన్స్ లెటర్. ఆ లెటర్‌లో హోదా, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, పని విలువ, పని హద్దు నాలుగూ ఉండేలా రాయించుకోండి. పీఎంపీ దరఖాస్తు ఆడిట్‌కు ఎంపికైతే మీ అనుభవాన్ని అప్పటి పై అధికారి ధ్రువీకరించాలి. డిఫెక్ట్ లయబిలిటీ గడువు ముగిసి సైట్ ఆఫీసు మూసేస్తే ఆయన ఏ రాష్ట్రంలో ఏ పనిలో ఉంటాడో ఎవరికి తెలుసు. ఇప్పుడే ఫోన్ చేసి అడగండి.