ఫోటోలోని లోన్ స్టేట్‌మెంట్‌లో వడ్డీ సరిగ్గా వేశారా?

ప్రశ్న: మాది బొబ్బిలి. నాన్నగారి షాపు లోన్ స్టేట్‌మెంట్ ఫోటో మాత్రమే ఉంది. అందులోని వాయిదాల పట్టికను ఎక్సెల్‌లోకి తెచ్చి వడ్డీ ఎలా సరిచూడాలి?

జవాబు: కాగితాన్ని బల్ల మీద పరిచి, నీడ పడకుండా నిటారుగా మళ్లీ ఫోటో తీయండి. గూగుల్ లెన్స్‌తో టెక్స్ట్ కాపీ చేసి షీట్‌లో అతికించండి. వరసలు చెదిరితే చేత్తో సర్దుకోవాల్సిందే.

అసలు చిక్కు అంకెల్లో వస్తుంది. 8ని 3గా చదవడం మామూలే. అందుకే వడ్డీ జోలికి వెళ్లే ముందు, ప్రతి వరసలో పాత బాకీలోంచి అసలుకు జమ తీసేస్తే కొత్త బాకీ వస్తోందో లేదో చూడండి. ఒక్క వరసలోనే తేడా వస్తే ముందు ఫోటోనే అనుమానించండి.

ఉదాహరణకు 2,00,000 అప్పు, 12 శాతం, 24 నెలలు, కిస్తీ 9,415. మొదటి నెల వడ్డీ 2,000, అసలుకు 7,415, మిగిలే బాకీ 1,92,585. రెండో నెల వడ్డీ 1,926. పాత బాకీ B2లో ఉంటే:

```
=ROUND(B2*12%/12,0)
```

మీ స్టేట్‌మెంట్‌లో 2,000 బదులు 2,038 ఉంటే కంగారు పడకండి. అది 31 రోజులకు రోజువారీ లెక్క:

```
=ROUND(B2*12%*31/365,0)
```

మొదటి వరస ఒక్కటే తేడాగా ఉంటే, డబ్బు చేతికొచ్చిన తేదీ నుంచి రోజులు లెక్కపెట్టి చూడండి. వడ్డీ ప్రతి నెలా 2,000 దగ్గరే ఆగిపోతే మాత్రం అది ఫ్లాట్ రేటు, అంటే బాకీ తగ్గుతున్నా మొదటి అప్పు మొత్తం మీదే వడ్డీ వేస్తున్నారు. అప్పుడు నిజంగా పడే వడ్డీ భారం ఏడాదికి 21 శాతం దాటుతుంది. ఒప్పంద పత్రం పట్టుకుని బ్రాంచికి వెళ్లి అడగండి.