ఇన్వాయిస్ డిస్కౌంటింగ్‌లో వచ్చిన డబ్బును కస్టమర్ ఖాతాలో జమ రాయొచ్చా?

ప్రశ్న: మాది జీడిమెట్లలో చిన్న మెషినింగ్ యూనిట్. జనవరి 12న ఒక పెద్ద కంపెనీకి 10 లక్షల సరుకు, జీఎస్టీతో కలిపి 11,80,000 బిల్లు వేశాం. గడువు 90 రోజులు. డబ్బు అవసరమై జనవరి 29న డిస్కౌంట్ చేయించాం. 80 శాతం అడ్వాన్స్, 15 శాతం డిస్కౌంట్ రేటు, బిల్లు మీద అర శాతం ప్రాసెసింగ్ ఫీజు అన్నారు. బ్యాంకులో 9,08,718 పడింది. మా అకౌంటెంట్ దాన్ని కస్టమర్ ఖాతాలో జమ రాశాడు. ఛార్జీలు ఎక్కడ రాయాలి? అగ్రిమెంట్‌లో "విత్ రీకోర్స్" అని ఉంది, దాన్ని ఎక్కడైనా చూపించాలా? మార్చి ఎండింగ్ వస్తోంది, టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ జమ ఎంట్రీ తీయించండి. మీ కస్టమర్ ఇంకా ఒక్క రూపాయి కూడా కట్టలేదు. డబ్బు ఇచ్చింది ఫైనాన్సర్. విత్ రీకోర్స్ అంటే కస్టమర్ కట్టకపోతే ఆ డబ్బు మీరే తిరిగి ఇస్తామని సంతకం పెట్టినట్టు, కాబట్టి అది మీకు అప్పు. నేను బాలానగర్, చర్లపల్లి వైపు చిన్న యూనిట్ల లెక్కలు చూస్తుంటాను. డిస్కౌంటింగ్ మొదలుపెట్టిన ప్రతి చోటా దాదాపు ఇదే ఎంట్రీ కనిపిస్తుంది.

అలాగే వదిలేస్తే ఏమవుతుందో చూడండి. ఇప్పుడు కస్టమర్ ఖాతాలో 2,71,282 బాకీ కనిపిస్తుంది. ఏప్రిల్‌లో కస్టమర్ కట్టాక ఫైనాన్సర్ తన అడ్వాన్స్ పట్టుకుని మిగిలింది మీకు పంపుతాడు. అది 2,35,000 అవుతుంది, ఎందుకో కింద చెబుతాను. దాన్ని కూడా జమ రాస్తే కస్టమర్ పేరు మీద 36,282 వేలాడుతూ ఉండిపోతుంది. కస్టమర్‌ని అడిగితే "మేం మొత్తం కట్టేశాం" అంటాడు, అది నిజమే. ఏడాది తిరిగాక ఎవరో ఒకరు దాన్ని రాని బాకీ కింద కొట్టేస్తారు. కానీ అందులో ఉన్నది రాని బాకీ కాదు. డిస్కౌంట్ 28,320, ఫీజు 5,900, ఆ ఫీజు మీద జీఎస్టీ 1,062, కస్టమర్ కోసిన టీడీఎస్ 1,000. చివరి రెండూ మీకు తిరిగి రావాల్సిన డబ్బు, అవి కూడా కలిసి పోతాయి.

సరైన ఎంట్రీ ఇలా ఉండాలి. బిల్లులో 80 శాతం అంటే 9,44,000. జనవరి 29 నుంచి ఏప్రిల్ 12 దాకా 73 రోజులు. 15 శాతం చొప్పున డిస్కౌంట్ 28,320.

జనవరి 29:
బ్యాంకు, డెబిట్ 9,08,718
డిస్కౌంట్ ఛార్జీలు, డెబిట్ 28,320
ప్రాసెసింగ్ ఫీజు, డెబిట్ 5,900
ఇన్‌పుట్ జీఎస్టీ, డెబిట్ 1,062
ఫైనాన్సర్ లోన్ ఖాతా, క్రెడిట్ 9,44,000

ఇందులో కస్టమర్ ఖాతా ఊసే లేదు. అది 11,80,000 దగ్గరే ఉంటుంది. అమ్మకాల ఖాతా కూడా కదలదు. లోన్ ఖాతాలో చేతికొచ్చిన 9,08,718 కాకుండా 9,44,000 రాయాలి, ఎందుకంటే రేపు తీరాల్సింది అంతే. టాలీలో ఈ ఖాతాని లోన్స్ గ్రూపులో తెరిచి, ప్రతి డ్రాకి బిల్లు నంబర్ రిఫరెన్స్ పెట్టించండి. పది బిల్లులు తిరుగుతున్నప్పుడు ఏది తీరింది, ఏది తీరలేదు అన్నది దాన్నిబట్టే తెలుస్తుంది.

డిస్కౌంట్, ఫీజు కలిపి ఒకే ఖాతాలో పడేయకండి. వడ్డీ రూపంలోనో డిస్కౌంట్ రూపంలోనో తీసుకునే మొత్తానికి జీఎస్టీ లేదు, ఫీజుకి 18 శాతం ఉంది. ఫైనాన్సర్ ఇచ్చే ట్యాక్స్ ఇన్వాయిస్ మీ జీఎస్టీఆర్-2బీలో కనిపిస్తేనే ఆ 1,062 క్రెడిట్ తీసుకోవచ్చు. చాలామంది కేవలం శాంక్షన్ మెయిల్ చూసి ఎంట్రీ వేసేస్తారు, ఇన్వాయిస్ అడగరు. ఇక టీడీఎస్. ఫైనాన్సర్ బ్యాంకు అయితే వడ్డీ మీద మీరు కోయనక్కర్లేదు. ఎన్‌బీఎఫ్‌సీ అయితే అగ్రిమెంట్ మీ సీఏకి చూపించండి. వాళ్ళు ముందే మొత్తం పట్టుకుని ఉంటారు కాబట్టి, కోయాలని తేలితే మీరు చేతి నుంచి కట్టి తర్వాత వాళ్ళ దగ్గర రాబట్టుకోవాలి.

మార్చి 31కి ఇంకో చిన్న పని. 73 రోజుల్లో 61 రోజులు ఈ ఏడాదికి, 12 రోజులు వచ్చే ఏడాదికి వస్తాయి. కాబట్టి 28,320లో 23,665 ఈ ఏడాది ఫైనాన్స్ ఖర్చు, 4,655 ముందుగా కట్టిన ఖర్చు కింద ఆస్తుల వైపు ఉంటుంది. ఒక్క బిల్లుకి ఇది చిల్లరే, మార్చిలో డజను బిల్లులు డిస్కౌంట్ చేసినవాళ్ళకి మాత్రం లాభం అంకె మారుతుంది.

అడగలేదు కానీ ఒక మాట. 15 శాతం అన్నది పైకి కనిపించే రేటు. మీ చేతికొచ్చింది 9,08,718, దాని మీద 73 రోజులకి డిస్కౌంట్, ఫీజు కలిపి 34,220 పోయింది. ఏడాదికి లెక్కేస్తే 18.8 శాతం. ఫీజు ఒకసారి పడేదే కాబట్టి రోజులు తగ్గేకొద్దీ అసలు రేటు పెరుగుతుంది. ఇరవై రోజుల్లో రాబోయే బిల్లుని డిస్కౌంట్ చేయించడం నాకైతే దండగ అనిపిస్తుంది.

ఇప్పుడు ఏప్రిల్ 12 సంగతి. అంత పెద్ద కంపెనీ కాబట్టి, ఏడాదిలో మీ దగ్గర కొనేది 50 లక్షలు దాటి ఉంటే, ఆపైన సరుకు విలువ మీద 0.1 శాతం టీడీఎస్ కోస్తుంది. ఈ బిల్లుకి 1,000. మిగిలిన 11,79,000 ఫైనాన్సర్ చెప్పిన ఖాతాకి వెళుతుంది. అతను 9,44,000 పట్టుకుని 2,35,000 మీకు పంపుతాడు. అప్పుడు లోన్ ఖాతా 9,44,000, బ్యాంకు 2,35,000, టీడీఎస్ రావాల్సింది 1,000 డెబిట్, కస్టమర్ 11,80,000 క్రెడిట్. కస్టమర్ ఖాతా మూతపడేది ఈ రోజే.

రీకోర్స్ బాధ్యత ఏమిటో డబ్బు తగ్గి వచ్చినప్పుడు తెలుస్తుంది. కస్టమర్ అసలు కట్టకపోతే 9,44,000, దాని మీద ఆలస్యపు ఛార్జీలు మీ ఖాతా నుంచి లాగుతారు. అప్పుడు లోన్ డెబిట్, బ్యాంకు క్రెడిట్. కస్టమర్ ఖాతాని ముట్టుకోవద్దు, అతను ఇంకా మీకే బాకీ. అయితే నేను ఎక్కువగా చూసింది పూర్తి ఎగవేత కాదు, రిజెక్షన్. ఒక క్లయింట్‌కి సరుకులో కొంత భాగం కొలత తేడా ఉందని కస్టమర్ డెబిట్ నోట్ పంపాడు. ఫైనాన్సర్ నుంచి మార్జిన్ రావాల్సిన రోజున ఏమీ రాలేదు, పైగా ఇంకా కట్టమని మెయిల్ వచ్చింది. మీ అంకెల్లోనే చూద్దాం. 2 లక్షల సరుకు రిజెక్ట్ అయితే జీఎస్టీతో 2,36,000. మీ 20 శాతం మార్జిన్ సరిగ్గా అంతే. టీడీఎస్ కూడా పోను కస్టమర్ కట్టేది 9,43,000. తక్కువ పడిన 1,000 మీరు చేతి నుంచి కట్టాలి, ఏప్రిల్‌లో వస్తాయనుకున్న 2,35,000 రావు. ఆ నెల జీతాలకి ఆ డబ్బు మీద ఆశ పెట్టుకుంటే ఇరుక్కుంటారు. రిజెక్షన్ ఒప్పుకుంటే దానికి క్రెడిట్ నోట్ ఇచ్చి 36,000 అవుట్‌పుట్ జీఎస్టీ తగ్గించుకోండి.

బ్యాలెన్స్ షీట్‌లో ఎలా చూపాలి? రావాల్సిన బాకీల్లో 11,80,000 పూర్తిగా, స్వల్పకాలిక అప్పుల్లో 9,44,000, ఆ అప్పుకి ఈ బిల్లు హామీగా ఉందని నోట్స్‌లో ఒక వాక్యం. ఇండ్ ఏఎస్ వర్తించే కంపెనీలకి ఇందులో వేరే దారి లేదు. కస్టమర్ కట్టకపోయే రిస్కు తమ దగ్గరే ఉంటే బాకీని పుస్తకాల్లోంచి తీసేయకూడదని 109వ ప్రమాణం చెబుతుంది. మీలాంటి చిన్న యూనిట్లలో పాత అలవాటు ఒకటి ఉంది, హుండీలు డిస్కౌంట్ చేసిన కాలం నాటిది. బాకీ తీసేసి, "డిస్కౌంట్ చేసిన బిల్లుల మీద సంభావ్య బాధ్యత" అని నోట్స్‌లో రాస్తారు. మీ ఆడిటర్ అది కావాలంటే కారణం అడగండి. నా ఉద్దేశంలో మీ ఒప్పందం అప్పే, అప్పుగానే కనిపించాలి. రెండూ మాత్రం చేయకండి. అప్పుగా చూపిన 9,44,000నే మళ్ళీ సంభావ్య బాధ్యతగా రాస్తే ఒకే బాధ్యతను రెండుసార్లు లెక్కపెట్టినట్టు.

వితౌట్ రీకోర్స్ అయితే కథ వేరు. అప్పుడు బాకీ అమ్మేసినట్టే, కస్టమర్ ఖాతా తగ్గించవచ్చు. చిన్న పరిశ్రమలు ట్రెడ్స్ అనే ఆన్‌లైన్ బిల్ డిస్కౌంటింగ్ ప్లాట్‌ఫారాల మీద డిస్కౌంట్ చేసే బిల్లులకి ఆర్‌బీఐ మార్గదర్శకాల ప్రకారం అమ్మినవాడి మీద రీకోర్స్ ఉండదు. ముందే కస్టమర్ బిల్లుని ఒప్పుకోవాలి కాబట్టి రిజెక్షన్ గొడవ కూడా చాలావరకు అక్కడే తేలిపోతుంది. మీ కస్టమర్ అందులో నమోదై ఉన్నాడేమో కనుక్కోండి. బయటి ఫైనాన్సర్ "వితౌట్ రీకోర్స్" అన్నా కాగితం చదవండి. ఆ పేరు పెట్టి, లోపల మాత్రం గడువు దాటితే బిల్లు మీరే తిరిగి కొనాలని షరతు రాసి, మీ ఖాతా నుంచి నేరుగా డబ్బు లాగే నాచ్ మాండేట్, మీ వ్యక్తిగత గ్యారంటీ తీసుకుంటే అది రీకోర్సే. నాణ్యత గొడవ వస్తే వెనక్కి వస్తామన్న షరతైతే దాదాపు అన్ని ఒప్పందాల్లోనూ ఉంటుంది.

మీకు క్యాష్ క్రెడిట్ ఉంటే ఇది ఈ వారమే చూడండి. మీ బాకీలన్నీ ఇప్పటికే ఆ బ్యాంకుకి హైపోథికేట్ అయి ఉంటాయి. అంటే బయట డిస్కౌంట్ చేయడానికి వాళ్ళ ఎన్‌ఓసీ కావాలి, నెలవారీ స్టాక్ స్టేట్‌మెంట్‌లో ఈ 11,80,000ని డ్రాయింగ్ పవర్ లెక్క నుంచి తీసేయాలి. మా వైపు ఒక యూనిట్‌లో అదే బిల్లు రెండు చోట్లా ఉందని స్టాక్ ఆడిట్‌లో బయటపడింది. బ్యాంకు డ్రాయింగ్ పవర్ తగ్గించేసరికి ఖాతా ఓవర్‌డ్రాన్ అయి, వాళ్ళు ఇచ్చిన చెక్కులు వెనక్కి వచ్చాయి. జనవరి, ఫిబ్రవరి స్టేట్‌మెంట్లలో ఈ బిల్లు వెళ్ళి ఉంటే మార్చిది పంపేముందే సవరించినవి ఇచ్చేయండి.