విడతల పెట్టుబడిలో ఆప్షన్ విలువ: 3 కోట్లు కాదు, 2.38

“సీడ్‌గా 1 కోటి. ఏడాది తర్వాత ఇష్టమైతే ఇంకో 10 కోట్లు. వాటితో వచ్చే వాటా విలువ అప్పటికి 24 కోట్లు (అవకాశం 30%), లేదా 4 కోట్లు. 40% రేటుతో ఆప్షన్ విలువ 3 కోట్లు వచ్చింది. గైడ్ గారు తప్పన్నారు, ఎక్కడ?”

ఆ 40% వాటా రిస్కుకు తగిన రేటండీ. ఆప్షన్ రిస్కు అంతకన్నా ఎక్కువ, కింద పడితే మిగిలేది సున్నా. అందుకే మీ విలువ పొంగింది. 40% వాటాకే వాడండి: దాని సగటు విలువ 0.3×24 + 0.7×4 = 10, ఈరోజుకి 10/1.4 = 7.14 కోట్లు. రిస్కు లేని రేటు 7% అనుకుంటే, రిస్క్-న్యూట్రల్ సంభావ్యత q, ఆపై ఆప్షన్ విలువ:

```
q = (7.14×1.07 − 4)/(24 − 4) = 0.182
0.182×(24 − 10)/1.07 ≈ 2.38
```

సీడ్ పోను 1.38 కోట్లు మిగులుతుంది.

సెమినార్‌లో నేనైతే ఇంకోటి అడుగుతాను: రెండో విడత ధర ఒప్పందంలో ముందే రాసుకున్నారా? ఉత్త ప్రో-రాటా హక్కే అయితే, కంపెనీ బాగుంటే 24 కోట్ల వాటాకు 24 కోట్లే అడుగుతారు. అప్పుడు ఆ 2.38 దాదాపు సున్నా.