బార్ చార్ట్, టేబుల్ కలిపి రాయడం

బార్ చార్ట్, టేబుల్ రెండూ ఇస్తే ఒకే రిపోర్టులో ఎలా రాయాలి?

రెండింట్లోనూ కనిపించే నెల లాంటి ఉమ్మడి అంశాన్ని పట్టుకుని, చార్ట్‌లోని పెద్ద మార్పు పక్కనే టేబుల్‌లో దానికి సరిపోయే అంకె పెట్టాలి. విడివిడిగా రాస్తే వాటి సంబంధాన్ని చదివేవాళ్లే వెతుక్కోవాలి.

చిత్తూరు మార్కెట్‌కు వచ్చిన తోతాపురి మామిడి బార్ చార్ట్‌లో, కిలో ధర టేబుల్‌లో ఉన్నాయనుకోండి. మేలో 200 టన్నులు, రూ.20, జూన్‌లో 600 టన్నులు, రూ.10. అప్పుడు ఇలా రాయండి: “జూన్‌లో సరుకు మూడింతలైంది, అదే నెలలో ధర సగానికి తగ్గింది.” టేబుల్‌లో ఏడాది సగటు ధర మాత్రమే ఉంటే ఈ వాక్యం కుదరదు.

చాలామంది “సరుకు పెరగడం వల్లే ధర పడింది” అని రాసేస్తారు. నిజమే కావచ్చు, కానీ ఆ కారణం చార్ట్‌లోనూ లేదు, టేబుల్‌లోనూ లేదు. “అదే నెలలో” అంటే చాలు.